నీళ్ళు పోని వాషింగ్ మెషిన్: నాలుగు పేజీల పట్టిక నుంచి ఒక్క కాగితానికి

అక్టోబర్ 11, శనివారం

దసరా సెలవులకు వచ్చిన పిల్లలు ఊరికి వెళ్ళాక వాళ్ళ దుప్పట్లు ఉతుకుతూ లాసన్స్ బే కాలనీలో పిన్ని వాళ్ళ మెషిన్ ఆగిపోయింది. ముందు తలుపు ఉండే రకం, ఆరేళ్ళ నాటిది. పొద్దున్నే ఫోను చేసి, "మూడు పాడయ్యాయమ్మా. లోపల నీళ్ళు నిలిచిపోయాయి, బట్టలు పిండడం లేదు, తలుపు కూడా రావడం లేదు" అంది.

మాన్యువల్ ఉందా అని అడిగితే ఫొటోలు తీసి పంపింది. సమస్యలు, పరిష్కారాల భాగం నాలుగు పేజీలు. మూడు గడుల పట్టిక: సమస్య, కారణం, పరిష్కారం. అంతా ఇంగ్లీషు, చిన్న అక్షరాలు. పిన్నికి ఇంగ్లీషు చదవడం వచ్చు. అయినా ఆ పట్టికతో ఆమె చేయగలిగింది ఏమీ లేదని నాకు ఫొటోలు చూడగానే అర్థమైంది.

పంపుల కంపెనీలో వాడకం పుస్తకాలు రాసే ఉద్యోగం నాది. పొలం పంపుల గురించి పదేళ్ళుగా రాస్తున్నాను. పిన్ని ఇంట్లో మెషిన్ పక్కన అంటించుకోవడానికి ఒక్క కాగితం తయారు చేయాలని ఈ రోజు నిర్ణయించుకున్నాను. తెలుగులో, వరుసగా, ఏది ముందు ఏది తర్వాత అన్నది స్పష్టంగా ఉండాలి. పని ఎలా సాగిందో ఇక్కడ రాసుకుంటాను.

సాయంత్రం మొత్తం పట్టిక చదవడానికే పట్టింది. పిన్ని చెప్పిన మూడు ఫిర్యాదులు మూడు వేర్వేరు పేజీల్లో ఉన్నాయి. "నీరు బయటికి పోవడం లేదు" ఒకచోట, "స్పిన్ కావడం లేదు" ఇంకోచోట, "తలుపు తెరుచుకోవడం లేదు" చివరి పేజీలో. ఎవరైనా వీటిని మూడు జబ్బులనే అనుకుంటారు. నిజానికి ఇది ఒకటే జబ్బు.

డ్రమ్ములో ఎంత నీరుందో మెషిన్‌కు ఒక సన్నని గాలి గొట్టం ద్వారా తెలుస్తుంది. నీరు పెరిగితే ఆ గొట్టంలో గాలి ఒత్తిడికి గురవుతుంది, దాని పైచివర ఉన్న సెన్సర్ ఆ ఒత్తిడిని కొలుస్తుంది. నీరు ఇంకా ఉందని సెన్సర్ చెబుతున్నంతసేపూ మెషిన్ డ్రమ్మును వేగంగా తిప్పదు, తలుపు తాళం వదలదు. వదిలితే నీళ్ళన్నీ నేల మీదికి వస్తాయి కదా. కాబట్టి పిండకపోవడం, తలుపు రాకపోవడం రెండూ నీరు పోకపోవడం వల్ల వచ్చినవే. తలుపు తాళం చెడిపోయిందని గట్టిగా లాగితే పిడి విరుగుతుంది, అసలు సమస్య అలాగే ఉంటుంది.

ఈ రోజు తీసుకున్న మొదటి నిర్ణయం: కాగితం పైభాగంలో మూడు లక్షణాలనూ ఒకే చోట రాయాలి. "ఈ మూడింటిలో ఏది కనిపించినా, లోపల నీళ్ళు ఉంటే, ఇదే కాగితం చూడండి." లోపల నీళ్ళు లేకుండా తలుపు రాకపోతే అది వేరే సంగతి, ఈ కాగితానికి సంబంధం లేదు.

అక్టోబర్ 12, ఆదివారం

నీరు పోకపోవడానికి పట్టిక ఇచ్చిన కారణాలు ఈ వరుసలో ఉన్నాయి: పంపు పాడై ఉండవచ్చు, ఫిల్టరు మూసుకుపోయి ఉండవచ్చు, పైపు మడత పడి ఉండవచ్చు, పైపు చివర మరీ ఎత్తుగా ఉండవచ్చు, ఇంటి మురుగు గొట్టం పూడుకుపోయి ఉండవచ్చు. రాసినవారు మెషిన్ లోపలి నుంచి బయటికి వచ్చారని తెలుస్తోంది. యంత్రం తయారు చేసినవారికి అది సహజమైన వరుస. ఇంట్లో ఉన్న మనిషి బయటి నుంచి లోపలికి వెళ్ళాలి. ఏ పనిముట్టూ లేకుండా కంటితో చూసేది ముందు, చేయి తడిసేది తర్వాత, మెకానిక్ చేయాల్సింది చివర.

అలా తిరగేసి మొదటి ప్రతి రాశాను. ఎనిమిది అడుగులు వచ్చాయి. రాత్రి మళ్ళీ చదువుకుంటే ఒక పెద్ద తప్పు కనిపించింది. "ఫిల్టరును తిప్పి బయటికి తీయండి" అన్నది ఐదో అడుగు. "నీరు వేడిగా ఉంటే చల్లారే వరకు ఆగండి" అన్న హెచ్చరికను, మాన్యువల్‌లో ఉన్నట్టే, దాని కింద చిన్న గమనికగా పెట్టాను. చదువుతూ పని చేసే మనిషి కిందికి రాకముందే ఫిల్టరు తిప్పేస్తుంది. ఈ మెషిన్‌లో దుప్పట్లకు 60 డిగ్రీల నీటి ప్రోగ్రామ్ ఉంది. ఆ వేడి నీళ్ళు చేతుల మీద పడితే బొబ్బలెక్కుతాయి. హెచ్చరిక ఎప్పుడూ పనికి ముందు రావాలి, అదీ ఒక అడుగుగా రావాలి. దాన్ని రెండో అడుగుగా మార్చాను: "తలుపు అద్దం మీద చేయి పెట్టి చూడండి. వేడిగా ఉంటే చల్లారే వరకు ఏమీ తెరవకండి."

అద్దం మీద చేయి పెట్టడం మాన్యువల్‌లో లేదు. అందులో ఉన్నది "నీరు చల్లబడిందని నిర్ధారించుకోండి" అని మాత్రమే. తలుపు రాని మెషిన్‌లో నీరు చల్లబడిందో లేదో ఎలా తెలుస్తుంది? నీటి మట్టం అద్దం వరకు ఉంటే అద్దమే చెబుతుంది. పిన్ని పంపిన ఫొటోలో నీరు అద్దం సగం దాకా ఉంది.

అక్టోబర్ 14, మంగళవారం

ఆఫీసు నుంచి వెళ్తూ పిన్ని ఇంటి దగ్గర దిగి మెషిన్‌ను స్వయంగా చూశాను. బాల్కనీలో ఉంది. సముద్రం అక్కడికి రెండు వీధుల అవతలే. ఉప్పు గాలికి వెనక పైపును పట్టి ఉంచే ఇనుప కొక్కెం తుప్పు పట్టి సగం తెగింది. పైపు కొంచెం కిందికి జారింది కానీ మడత పడలేదు.

ఈ పైపు గురించి మాన్యువల్ ఒక లెక్క చెబుతుంది: చివర నేల నుంచి 60 సెంటీమీటర్లకు తక్కువ, 100 సెంటీమీటర్లకు ఎక్కువ ఉండకూడదు. ఎక్కువైతే పంపు నీటిని అంత ఎత్తుకు నెట్టలేక ఆగిపోతుంది. తక్కువైతే ఇంకో రకం ఇబ్బంది. నీళ్ళు నిండుతుండగానే పైపు వాటిని బయటికి లాగేస్తుంది, మెషిన్ ఎంత నింపినా నిండదు. మన అపార్టుమెంట్లలో చాలామంది పైపు చివరను నేల మీది జాలీలో పడేస్తారు. వెనక కొక్కెం పైపును ఎత్తుగా పట్టి ఉంచినంత కాలం అలా వేసినా పని నడుస్తుంది, కొక్కెం విరిగితే నడవదు. కానీ అది "నీళ్ళు నిండడం లేదు" అనే మరో ఫిర్యాదుకు చెందిన విషయం. ఈ కాగితంలోకి తేకూడదు. రాయాలని చాలా అనిపించింది. ఆపుకున్నాను. ఇప్పటి సమస్యకు కావలసినది ఎక్కువ ఎత్తు సంగతి మాత్రమే. దాన్ని కూడా సెంటీమీటర్లలో కాక "పైపు చివర మెషిన్ పైభాగం కంటే ఎత్తులో ఉండకూడదు" అని రాశాను. ఈ మెషిన్ ఎత్తు 85 సెంటీమీటర్లు, కాబట్టి ఆ గుర్తు హద్దుకు లోపలే ఉంటుంది. ఎవరూ టేపు వెతుక్కోనక్కరలేదు.

తర్వాత ఇంటి మురుగు గొట్టం సంగతి. అది పూడిందా, మెషిన్ పూడిందా అని తేల్చడానికి మంచి పరీక్ష ఒకటి ఉంది. పైపు చివరను గొట్టంలోంచి తీసి బకెట్లో పెట్టి, నీరు తోడే ప్రోగ్రామ్ వేయాలి. బకెట్లోకి ధారగా నీరు వస్తే మెషిన్ బాగానే ఉంది, గొట్టం శుభ్రం చేయించుకుంటే చాలు. ఫిల్టరు జోలికి వెళ్ళే పనే లేదు. అందుకే దీన్ని ఫిల్టరుకు ముందు పెట్టాను.

అయితే పంపు బాగుంటే బకెట్ నిమిషం దాటకుండానే నిండిపోతుంది. ఒకరు పైపు పట్టుకోవాలి, ఇంకొకరు స్విచ్చి దగ్గర ఉండాలి. పిన్నికి బాబాయి తోడున్నాడు. ఒంటరిగా ఉన్నవారు తడి నేల మీద నిలబడి పైపు వదిలి స్విచ్చి దగ్గరికి పరుగెత్తడం మంచిది కాదు. "ఇద్దరు లేకపోతే ఈ అడుగు వదిలి తర్వాతి అడుగుకు వెళ్ళండి" అన్న వాక్యం చేర్చాను.

అక్టోబర్ 18, శనివారం

అసలు పరీక్ష. ముందే ఒక నియమం పెట్టుకున్నాను: పిన్ని కాగితం చూసి చేయాలి, నేను పక్కన కూర్చుని నోరు విప్పకూడదు. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ తప్పు కాగితానిదే. ఈ వారం రోజులూ బట్టలు చేత్తోనే ఉతుక్కుంటానని పిన్ని ఒప్పుకోబట్టి ఇది కుదిరింది. ఆమెకు ఎంతో రుణపడ్డాను.

పైపు చూశారు, బాగుంది. బాబాయి స్విచ్చి దగ్గర నిలబడ్డాడు, పిన్ని పైపు పట్టుకుంది. మెషిన్ నుంచి సన్నని గుర్రుమనే శబ్దం వచ్చింది, బకెట్లోకి చుక్క రాలేదు. ఈ శబ్దం గురించి నేను ఏమీ రాయలేదు. పిన్ని నా వైపు చూసి, "శబ్దం వస్తోంది కదా, అంటే మంచిదేనా?" అని అడిగింది. కాగితంలో మొదటి ఖాళీ అక్కడే దొరికింది. శబ్దం వస్తుంటే పంపుకు కరెంటు అందుతోంది, లోపల ఏదో అడ్డం ఉంది. ఇంట్లో సరిచేసుకునే అవకాశం ఎక్కువ. ఏ శబ్దమూ లేకపోతే పంపో, దాని తీగలో చెడిపోయి ఉండవచ్చు. అప్పుడు లోపలి నీళ్ళు తీసేసి మెకానిక్‌ను పిలవడమే దారి. మాన్యువల్ ఈ తేడా చెప్పనే లేదు.

ప్లగ్గు పీకి, కింద కుడి మూలన ఉన్న చిన్న మూత రూపాయి బిళ్ళతో తెరిచింది. లోపల గుండ్రని ఫిల్టరు, దాని పక్కన వేలంత లావున్న చిన్న రబ్బరు గొట్టం. నేను "నీటిని ఖాళీ చేయండి, తర్వాత ఫిల్టరు తీయండి" అని రాశాను. ఆ చిన్న గొట్టం పేరు చెప్పాను కానీ దాని బిరడా సంగతి చెప్పలేదు. పిన్ని గొట్టాన్ని బయటికి లాగి, నీళ్ళు రాకపోయేసరికి, ఇది పని చేయడం లేదనుకుని ఫిల్టరు మీద చేయి వేసింది. నియమం తప్పి "పిన్నీ, ఆగు!" అని అరిచాను. అప్పుడు ఫిల్టరు తిప్పి ఉంటే అద్దం సగం దాకా ఉన్న నీళ్ళన్నీ ఒక్కసారిగా బాల్కనీలోకి వచ్చేవి.

బిరడా లాగాక నీళ్ళు వచ్చాయి. ఆ గొట్టం నేలకు నాలుగు వేళ్ళ ఎత్తులోనే ఉంటుంది, బకెట్ కిందికి దూరదు. అంచు తక్కువగా ఉన్న స్టీలు పళ్ళెం పెట్టాం. నిండగానే బిరడా పెట్టడం, పారబోయడం, మళ్ళీ తీయడం. నేను లెక్కపెట్టాను, పదకొండు పళ్ళాలు. ఈ సంగతి కూడా కాగితంలో ఉండాలి. మూడో పళ్ళెం దగ్గరే పిన్ని విసుగుపడి "ఇంకెంతమ్మా?" అంది. ఇంత పడుతుందని ముందే తెలిస్తే మనిషి ఓపిక పడుతుంది, తెలియకపోతే తొందరపడి ఫిల్టరు తిప్పుతుంది.

ఫిల్టరు దగ్గర మళ్ళీ ఆగింది. "ఎడమవైపు తిప్పండి" అని రాశాను. గుండ్రటి వస్తువుకు ఎడమ ఏది? పైభాగం ఎడమకు వెళ్తే కిందిభాగం కుడికి వెళ్తుంది. పిన్ని కిందిభాగం పట్టుకుని ఎడమకు నెట్టింది. ఇంకా బిగిసింది. నేను ఊరుకున్నాను. చివరికి ఆమే "సీసా మూతలాగేనా?" అంటూ తిప్పింది, వచ్చేసింది. అంతకంటే మంచి మాట నాకు తట్టేది కాదు. అదే పెట్టాను.

ఫిల్టరు పళ్ళ మధ్య బూడిద రంగు నూలు పోగుల ముద్ద, దాని నిండా ఇసుక. పిల్లలు ఆర్.కె. బీచ్‌లో ఆడి వచ్చిన బట్టలను దులపకుండానే వేశామని పిన్నికి అప్పుడు గుర్తొచ్చింది. ముద్దలో ఒక బొత్తం, రెండు చిన్న గవ్వలు ఉన్నాయి. సెల్‌ఫోను లైటు వేసి ఫిల్టరు గుంతలోకి చూస్తే అసలు దొంగ కనిపించింది. ఒక పిన్నీసు. దాని తెరిచిన మొన పంపు చక్రం రెక్కల మధ్య ఇరుక్కుంది. చిమటాతో మెల్లగా తీశాం.

ఇక్కడ బాబాయి చేసింది నాకు ఎంతో పనికొచ్చింది. చక్రాన్ని వేలితో తిప్పి, "ఇది సాఫీగా తిరగడం లేదు, ఆగి ఆగి తిరుగుతోంది, మోటారు పోయింది" అన్నాడు. పోలేదు. ఈ పంపు లోపల అయస్కాంతం ఉంటుంది. చేత్తో తిప్పితే ఆగి, గెంతి, మళ్ళీ ఆగి తిరుగుతుంది. అది దాని ఆరోగ్య లక్షణమే. ఎంత నెట్టినా కదలకపోతేనే అనుమానించాలి. ఈ ఒక్క వాక్యం లేకపోతే ఎంతమంది మంచి పంపును మార్చుకుంటారో.

గుంత అంచు, ఫిల్టరు రబ్బరు రింగు తుడిచి, బిగించి, కింద ఒక పొడి వార్తాపత్రిక పరిచాం. సబ్బు పొడి వేసే అరలో రెండు మగ్గుల నీళ్ళు పోసి తోడే ప్రోగ్రామ్ వేశాం. గలగలమని నీళ్ళు జాలీలోకి పోయాయి. పత్రిక తడవలేదు. నిమిషంన్నర తర్వాత తలుపు టక్కుమని వదిలింది. దుప్పట్ల వాసన గురించి రాయను.

అక్టోబర్ 19, ఆదివారం

నిన్నటి తడబాట్లన్నీ సవరించి రెండో ప్రతి రాశాను. ఒక అడుగులో ఒకే పని. ప్రతి పని తర్వాత ఏమి కనిపించాలో, కనిపించకపోతే ఎటు వెళ్ళాలో ఉంటుంది. ఇది ఈ ఒక్క మోడల్‌కే కాబట్టి మోడల్ నంబరు పైన పెద్ద అక్షరాల్లో వేశాను.

1. మెషిన్ ఆపండి. తలుపును బలంగా లాగకండి.
2. తలుపు అద్దం మీద చేయి పెట్టండి. వేడిగా ఉంటే చల్లారే వరకు ఆగండి.
3. వెనక పైపు చూడండి. మడత ఉంటే తీయండి. పైపు చివర మెషిన్ కంటే ఎత్తులో ఉంటే దించండి.
4. ఇద్దరుంటేనే: పైపు చివరను బకెట్లో పెట్టి, ఒకరు స్విచ్చి దగ్గర ఉండి, నీరు తోడే ప్రోగ్రామ్ వేయండి. బకెట్ నిమిషం లోపే నిండవచ్చు. ధారగా నీరు వస్తే ఇంటి గొట్టం పూడింది, దాన్ని శుభ్రం చేయించండి. శబ్దం వచ్చి నీరు రాకపోతే 5వ అడుగుకు వెళ్ళండి. శబ్దమే లేకపోతే 5, 6 చేసి నీళ్ళు తీసేసి మెకానిక్‌ను పిలవండి.
5. స్విచ్చి ఆపి, పొడి చేతులతో ప్లగ్గు పీకండి. 10వ అడుగు వరకు మళ్ళీ పెట్టకండి.
6. కింద కుడి మూల మూత తెరవండి. చిన్న గొట్టం లాగి, పళ్ళెం పెట్టి, బిరడా తీయండి. పది పన్నెండు పళ్ళాల నీరు రావచ్చు. ధార పూర్తిగా ఆగే వరకు ఫిల్టరు ముట్టకండి.
7. బిరడా పెట్టండి. కింద పాత గుడ్డ పరిచి, ఫిల్టరును సీసా మూతలా తిప్పి తీయండి. కుళాయి కింద కడగండి.
8. గుంతలోకి లైటు వేసి చూడండి. చక్రం మధ్య ఏదైనా ఉంటే తీయండి. చక్రం వేలితో తిప్పితే ఆగి ఆగి తిరుగుతుంది, అది మామూలే. అసలు కదలకపోతే ఫిల్టరు బిగించి మెకానిక్‌ను పిలవండి.
9. రబ్బరు రింగు, గుంత అంచు తుడిచి ఫిల్టరు గట్టిగా బిగించండి. కింద పొడి కాగితం పరచండి.
10. ప్లగ్గు పెట్టి, సబ్బు అరలో రెండు మగ్గుల నీళ్ళు పోసి, తోడే ప్రోగ్రామ్ వేయండి. కాగితం తడిస్తే ఆపి, ప్లగ్గు పీకి, ఫిల్టరు మళ్ళీ బిగించండి. శబ్దం వచ్చి నీరు పోకపోతే ఇక మీరు చేయాల్సింది లేదు, మెకానిక్‌ను పిలవండి.

మెషిన్ వెనక పలక విప్పడం, పంపు తీగలకు మీటరు పెట్టి చూడడం ఇందులోకి రానివ్వలేదు. మాన్యువల్ కూడా వాటిని సర్వీసు మనిషికే వదిలింది, అక్కడ దాని గీత సరైనదే.

అక్టోబర్ 26, ఆదివారం

ఎం.వి.పి. కాలనీలో ఉండే నా స్నేహితురాలు ఈ కాగితం అడిగి తీసుకుంది. ఆమె మెషిన్ వేరే రకం, అందులో పక్కన చిన్న గొట్టమే లేదు. 6వ అడుగు దగ్గర ఆగి ఫోను చేసింది, ఆగినందుకు సంతోషించాను. అలాంటి మెషిన్లలో పళ్ళెం పెట్టి ఫిల్టరును పూర్తిగా తీయకుండా నీరు కారేంత మేరకే వదులు చేయాలి. పళ్ళెం నిండగానే బిగించాలి, పారబోసి మళ్ళీ వదులు చేయాలి. ఆమెకు ఆ అడుగు విడిగా రాసిచ్చాను. పిన్ని కాగితంలో చేర్చలేదు. రెండు దారులు ఒకే అడుగులో పెడితే తడి చేతులతో చదివేవారు తప్పు దారి పడతారు.

నవంబర్ 9, ఆదివారం

మొదటి కాగితం బాల్కనీ తేమకు చుట్టుకుపోయింది, టేపు ఊడింది. లామినేషన్ చేయించి పైన రంధ్రం వేసి దారంతో మెషిన్ పక్క మేకుకు తగిలించాం. పిన్ని బాల్‌పెన్నుతో పాత కాగితం అంచున ఒక వాక్యం రాసి ఉంచింది: "బీచి బట్టలు దులపాలి, పిన్నీసులు చూడాలి." దాన్ని కొత్త కాగితం పైన, మోడల్ నంబరు కిందే వేశాను. బాబాయి ఇనుప కొక్కెం స్థానంలో ప్లాస్టిక్ కొక్కెం బిగించాడు.

వచ్చే వారం "నీళ్ళు నిండడం లేదు" వరుస మొదలుపెడతాను. పైపు చివర ఎత్తు గురించి ఆ రోజు పక్కన పెట్టినది అందులోకి వస్తుంది.